సున్నా దగ్గర చిక్కు: ఒక రాన్‌స్కియన్ ప్రశ్న, మూడు జవాబులు

ప్రశ్న ఇది: "x²y'' − 4xy' + 6y = 0 అనే అవకలన సమీకరణానికి x², x³ సాధనలని చూపండి. అవి లీనియర్లీ ఇండిపెండెంటో కాదో రాన్‌స్కియన్‌తో పరీక్షించండి." హైదరాబాద్‌లోని ఒక డిగ్రీ కాలేజీ ఇంటర్నల్ పేపర్లో ఐదు మార్కులకు వచ్చింది. తార్నాకలో నా దగ్గరికి పీజీ ఎంట్రెన్స్‌కూ, నెట్‌కూ చదివే పిల్లలు వస్తుంటారు. వాళ్లలో ముగ్గురు ఈ ప్రశ్నకు తాము రాసిన జవాబులు పట్టుకొచ్చారు. మూడూ మూడు దారులు. ఇద్దరికి పూర్తి మార్కులు పడ్డాయి, ఒకరికి పడలేదు. నన్నడిగితే ముగ్గురి జవాబుల్లోనూ లోపం ఉంది. అసలు లోపం ప్రశ్నలోనే ఉంది, అది తర్వాత చెబుతాను.

మొదటి భాగంలో గొడవేమీ లేదు. x² పెడితే 2x² − 8x² + 6x² = 0. x³ పెడితే 6x³ − 12x³ + 6x³ = 0. రెండూ సాధనలే. రెండో భాగం దగ్గరే దారులు చీలాయి.

మొదటి అబ్బాయి మామూలుగా రాశాడు. సాధనలు పై వరసలో, వాటి అవకలజాలు కింది వరసలో పెట్టి నిర్ధారకం తీశాడు, రాన్‌స్కియన్ W అంటే అదే.

W = x²·3x² − x³·2x = x⁴

"x⁴ సున్నా కాదు, కాబట్టి ఇండిపెండెంట్" అని ముగించాడు. ఐదుకు ఐదు.

రెండో అబ్బాయి కూడా x⁴ వరకు అలాగే వచ్చాడు. తర్వాత బుద్ధిగా ఆలోచించి, x = 0 దగ్గర x⁴ సున్నా అవుతుంది కదా అనుకున్నాడు. "ఒక్క బిందువు దగ్గర W సున్నా అయితే సాధనలు డిపెండెంట్" అని క్లాసులో చెప్పిన సిద్ధాంతం గుర్తు చేసుకుని, x², x³ డిపెండెంట్ అని రాశాడు. రెండు మార్కులు.

మూడో అమ్మాయి నిర్ధారకం జోలికే పోలేదు. ఆబెల్ సూత్రం W = C·e^(−∫p dx) వాడింది. సమీకరణంలో y' ముందున్న −4x ను p గా తీసుకుని W = C·e^(2x²) అని తేల్చింది. ఎక్స్‌పొనెన్షియల్ ఎప్పుడూ సున్నా కాదు గనుక ఇండిపెండెంట్. ఈ అమ్మాయికీ ఐదు మార్కులు పడ్డాయి. దిద్దినవారు చివరి మాట చూసి టిక్కు కొట్టినట్టున్నారు.

ముందు మూడో జవాబు సంగతి తేలుద్దాం, అది తేలిక. ఆబెల్ సూత్రంలోని p అంటే, y'' ముందు ఏమీ లేకుండా సమీకరణాన్ని భాగించాక y' ముందు మిగిలే గుణకం. ఇక్కడ x² తో భాగిస్తే

y'' − (4/x) y' + (6/x²) y = 0

కాబట్టి p = −4/x. అప్పుడు −∫p dx = 4 log|x|, W = C·x⁴. నేరుగా తీసిన నిర్ధారకంతో సరిపోయింది. భాగించడం మరిచిపోతే e^(2x²) వస్తుంది. మైనస్ గుర్తు మరిచిపోతే x⁻⁴ వస్తుంది. ఈ రెండు పొరపాట్లనూ పట్టుకోవడానికి పిల్లలకు నేను చెప్పేది ఒకటే. సూత్రంలో C ఎంతో మనకు తెలియదు గానీ, రెండు బిందువుల దగ్గర W విలువల నిష్పత్తిలో C ఎగిరిపోతుంది. నిర్ధారకం ప్రకారం W(2)/W(1) = 16. ఆ అమ్మాయి సూత్రం ప్రకారం e⁶, అంటే దాదాపు 403. ఒక్క గుణింపు చేసి చూసుకున్నా తప్పు బయటపడేది. ఆబెల్ సూత్రం W ను సరిచూసుకోవడానికి పనికొస్తుంది. సాధనలు చేతిలో ఉన్నప్పుడు నిర్ధారకం బదులు దాన్ని వాడటం నాకు నచ్చదు. ఎందుకంటే C సున్నా అవునో కాదో సూత్రం చెప్పదు, మనకు కావలసింది సరిగ్గా అదే. x², 5x² అనే డిపెండెంట్ జంటకు కూడా "C·x⁴" అనే రూపమే వస్తుంది, C = 0 తో. మూడో జవాబులో p సరిగ్గా తీసుకుని ఉన్నా వాదన పూర్తయ్యేది కాదు.

ఇప్పుడు రెండో అబ్బాయి దగ్గరికి. తేలింది తప్పే, కానీ ముగ్గురిలో నిజంగా ఆలోచించింది ఇతనే. "సార్, సున్నా దగ్గర సున్నా అయిందా లేదా మీరే చెప్పండి" అని నిలదీశాడు. అయింది. మరి x², x³ డిపెండెంటా? కాదు. a x² + b x³ అన్ని x లకూ సున్నా అనుకో. x = 1 పెడితే a + b = 0, x = −1 పెడితే a − b = 0, రెండూ కలిపితే a = b = 0. ఇంతకంటే సూటి రుజువు లేదు. అంటే అతను వాడిన సిద్ధాంతం ఇక్కడ వర్తించలేదన్నమాట. ఎందుకు వర్తించలేదో చూడాలంటే ఆ సిద్ధాంతం దేనిమీద నిలబడిందో చూడాలి.

y₁, y₂ అనేవి y'' + p y' + q y = 0 కు సాధనలు. W = y₁y₂' − y₂y₁'. దీన్ని అవకలనం చేస్తే మధ్య పదాలు కొట్టుకుపోయి W' = y₁y₂'' − y₂y₁'' మిగులుతుంది. y'' స్థానంలో −p y' − q y పెడితే q పదాలు పోయి

W' = −p W

వస్తుంది. ఆబెల్ సూత్రం ఇక్కణ్నుంచే పుట్టింది. ఒక అంతరం మీద p అవిచ్ఛిన్నంగా ఉంటే ఎక్స్‌పొనెన్షియల్ ఎక్కడా సున్నా కాదు. కాబట్టి ఆ అంతరం మీద W అయితే అంతటా సున్నా, లేకపోతే ఎక్కడా సున్నా కాదు. మధ్యస్థంగా ఉండే వీలు లేదు. "ఒక్క బిందువు చాలు" అన్నది దీని బలంతోనే.

డిపెండెంట్ అని తేల్చడానికి ఇంకో మెట్టు కావాలి. x₀ దగ్గర W సున్నా అయితే, రెండూ ఒకేసారి సున్నా కాని c₁, c₂ దొరుకుతాయి. వాటితో కట్టిన y = c₁y₁ + c₂y₂ కు x₀ దగ్గర విలువా సున్నా, అవకలజమూ సున్నా. ఆ ప్రారంభ షరతులకు ఉన్న సాధన ఒక్కటే, అది y = 0. కాబట్టి c₁y₁ + c₂y₂ అంతటా సున్నా. ఈ రుజువు బరువంతా "ఒక్కటే" అన్న మాట మీద ఉంది. ఆ ఏకైకత p, q రెండూ x₀ దగ్గర అవిచ్ఛిన్నంగా ఉంటేనే చేతికొస్తుంది.

మన సమీకరణంలో p = −4/x, q = 6/x². x₀ = 0 దగ్గర రెండూ పేలిపోతాయి. ఏకైకత కూడా అక్కడ పోయింది. y(0) = 0, y'(0) = 0 అని అడిగితే x² సరిపోతుంది, x³ సరిపోతుంది, 7x² − 2x³ కూడా సరిపోతుంది. y(0) = 1 అని అడిగితే ఒక్క సాధనా దొరకదు, ఎందుకంటే సమీకరణంలో x = 0 పెట్టగానే 6y(0) = 0 అయి కూర్చుంటుంది. సిద్ధాంతం నిలబడే నేల అక్కడ లేదు.

ఒక పిల్లాడికి సమీకరణం ఇవ్వకుండా x², x³ అనే ప్రమేయాలు మాత్రమే ఇచ్చినా సున్నా దగ్గర ఏదో ఉందని W ను చూసి పసిగట్టవచ్చు. x², x³ సాధనలుగా ఉండే రెండో ఆర్డర్ సమీకరణం కట్టాలంటే y, x², x³ ల మూడు వరసల నిర్ధారకాన్ని సున్నాకు సమానం చేయాలి. విస్తరిస్తే

x⁴ y'' − 4x³ y' + 6x² y = 0

వస్తుంది. y'' ముందు నిలబడిన x⁴ మరేదో కాదు, W యే. అందుకే W ఒకచోట మాత్రం సున్నా అయి పక్కన కాకపోతే, ఆ చోట y'' గుణకం సున్నా అయి, భాగించాక మిగిలే గుణకాల్లో ఏదో ఒకటి అక్కడ చెడినట్టే. ఎంట్రెన్స్ పేపర్లలో "[−1, 1] మీద అవిచ్ఛిన్న p, q లతో ఉన్న y'' + p y' + q y = 0 కు ఈ రెండూ సాధనలు కాగలవా" అన్న రకం ప్రశ్నకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదు. x², x³ కాలేవు. నిజానికి x³ ఒక్కటి కూడా కాలేదు, ఎందుకంటే సున్నా దగ్గర దాని విలువా అవకలజమూ రెండూ సున్నా, అలాంటి సాధన y = 0 మాత్రమే అయి ఉండాలి.

ఇక మొదటి జవాబు, అందరూ సరైనదనుకున్నది. "x⁴ సున్నా కాదు" అన్నాడు. x⁴ ఒక సంఖ్య కాదు, ప్రమేయం. అది శూన్య ప్రమేయం కాదు అని అతని భావమైతే, వాదన సరైనదే. W కనీసం ఒక్క బిందువు దగ్గర సున్నా కాకపోతే ప్రమేయాలు ఇండిపెండెంట్. దీనికి సమీకరణంతో పనే లేదు, అవకలనం చేయగలిగిన ఏ రెండు ప్రమేయాలకైనా ఇది నిజం. ఉదాహరణకు W(1) = 1 అని రాసి ఉంటే చాలు, నేను పూర్తి మార్కులు వేసేవాణ్ని. కానీ అడిగితే, "x సున్నా కానప్పుడు అని అర్థం సార్, సున్నా తీసేస్తే సరిపోతుంది కదా" అన్నాడు.

ఈ మాట దగ్గర ఆ రోజు క్లాసు చాలాసేపు ఆగింది. సున్నాను తీసేస్తే మిగిలేది ఒక అంతరం కాదు, రెండు ముక్కలు: (−∞, 0), (0, ∞). W' = −pW అన్నది ఒక ముక్క నుంచి రెండో ముక్కకు దాటదు. ఎడమ ముక్క మీద C ఒకటి, కుడి ముక్క మీద C ఇంకొకటి కావచ్చు. దీనివల్ల నష్టమేంటో చూపించడానికి అదే సమీకరణానికి ఇంకో సాధనను బోర్డు మీద రాశాను: |x|³.

దీని అవకలజం 3x|x|, రెండో అవకలజం 6|x|. సున్నా దగ్గర కూడా రెండూ ఉన్నాయి, అవిచ్ఛిన్నంగానే ఉన్నాయి. సమీకరణంలో పెడితే

x²·6|x| − 4x·3x|x| + 6|x|³ = 6|x|³ − 12|x|³ + 6|x|³ = 0

అంటే వాస్తవ సంఖ్యారేఖ అంతటా, సున్నాతో సహా, |x|³ ఈ సమీకరణానికి సాధనే. ఇప్పుడు x³, |x|³ ల W తీద్దాం.

W = x³·3x|x| − |x|³·3x² = 3x⁴|x| − 3x²|x|³ = 0

ఏదో ఒక బిందువు దగ్గర కాదు, అంతటా సున్నా. రెండూ ఒకే సమీకరణానికి సాధనలు, W అంతటా సున్నా, ఇక డిపెండెంట్ కాక ఏమవుతాయి అని ముగ్గురూ ఒక్క మాట మీదికి వచ్చారు. ఈసారి ముగ్గురూ తప్పు. a x³ + b|x|³ = 0 లో x = 1 పెడితే a + b = 0, x = −1 పెడితే −a + b = 0. రెండూ సున్నాలే. సంఖ్యారేఖ మొత్తం మీద x³, |x|³ ఇండిపెండెంట్.

ఎక్కడ జారిందో దగ్గర్నుంచి చూస్తే బాగుంటుంది. y₁ సున్నా కాని చోట (y₂/y₁)' = W/y₁². W సున్నా అయితే నిష్పత్తి అవకలజం సున్నా, కాబట్టి నిష్పత్తి స్థిరం, కాబట్టి y₂ అనేది y₁ కు ఒక స్థిర గుణిజం. పిల్లలు మనసులో చేసే వాదన ఇదే. |x|³/x³ ఎంతో చూడండి. కుడివైపు 1, ఎడమవైపు −1. రెండు వైపులా స్థిరమే, అవకలజం రెండు వైపులా సున్నాయే. కానీ ఒకే స్థిరం కాదు. x³ సున్నా అయ్యే ఆ ఒక్క బిందువు దగ్గర నిష్పత్తి గెంతింది, W కు ఆ గెంతు కనబడదు. (0, ∞) మీద మాత్రమే చూస్తే |x|³ = x³, అక్కడ అవి నిజంగానే డిపెండెంట్. (−∞, 0) మీద |x|³ = −x³, అక్కడా డిపెండెంటే. ఒకే జంట ఒక్కో ముక్క మీద డిపెండెంట్, మొత్తం మీద ఇండిపెండెంట్. అందుకే "ఇండిపెండెంటా కాదా" అన్న ప్రశ్నకు "ఎక్కడ?" అన్న మాట లేకుండా జవాబు లేదు. ఈ పేపర్లో ఆ "ఎక్కడ" ఇవ్వలేదు. ప్రశ్నలోని లోపం అదే.

ఈ పొరపాటు పిల్లలదే అనుకోనక్కర్లేదు. పోలండ్‌కు చెందిన హోయెనె రోన్‌స్కీ ఈ నిర్ధారకాన్ని 1812లో తెచ్చాడు, థామస్ మ్యూర్ 1882లో దానికి ఆయన పేరు పెట్టాడు. W అంతటా సున్నా అయితే ప్రమేయాలు డిపెండెంట్ అని ఆ కాలపు పాఠ్యపుస్తకాలే రాసేవి. 1889లో ఇటలీ గణితవేత్త పియానో x², x|x| జంటను చూపించి అది నిజం కాదన్నాడు. దాని W కూడా 2x²|x| − 2x²|x| = 0, అయినా జంట ఇండిపెండెంట్. పియానో జంటనే ఇక్కడ వాడవచ్చు కదా అని మూడో అమ్మాయి అడిగింది. వాడలేం. x|x| కు మొదటి అవకలజం 2|x|, సున్నా దగ్గర దానికి మళ్లీ అవకలజం లేదు. రెండో ఆర్డర్ సమీకరణానికి అది సున్నా దగ్గర సాధన కాలేదు. |x|³ కు ఆ ఇబ్బంది లేదు, అందుకే ఘనం తీసుకున్నాను. అన్నట్టు, ప్రమేయాలు ఆ అంతరం మీద ప్రతి బిందువు చుట్టూ ఘాత శ్రేణిగా విస్తరించేవైతే W అంతటా సున్నా అయితే చాలు, డిపెండెంటే. బహుపదులు, sin, cos, e^x లతోనే లెక్కలు చేసి చేసి పిల్లలకు ఈ తేడా ఎప్పుడూ ఎదురుపడదు. మాడ్యులస్ గుర్తు కనబడగానే జాగ్రత్తపడమని నేను చెప్పేది అందుకే.

మరి ఐదు మార్కుల జవాబు ఎలా ఉండాలి? ముందు అంతరం రాయాలి, ప్రశ్నలో లేకపోతే మనమే ఎంచుకుని రాయాలి. నేను దిద్దితే ఇలా ఉన్నదానికి ఐదూ వేస్తాను: "I = (0, ∞) అనుకుందాం. I మీద −4/x, 6/x² అవిచ్ఛిన్నం. x², x³ సాధనలు. W = x⁴, I మీద ఎక్కడా సున్నా కాదు. కాబట్టి I మీద అవి ఇండిపెండెంట్, సాధారణ సాధన c₁x² + c₂x³." సంఖ్యారేఖ మొత్తం తీసుకుని "W(1) = 1, సున్నా కాదు, కాబట్టి ఇండిపెండెంట్" అన్నా ఐదే. కానీ అలా రాసినవాళ్లు దాని వెంట "కాబట్టి సాధారణ సాధన c₁x² + c₂x³" అని తగిలిస్తే ఒక మార్కు తీసేస్తాను. ఇండిపెండెంట్ అన్నది నిజం, సాధారణ సాధన అన్నది ఆ నేల మీద అబద్ధం. |x|³ అందులో ఎక్కడుంది?

దీన్ని పూర్తిగా లెక్కగట్టమని ఇంటికి ఇచ్చాను. కుడివైపు సాధన a x² + b x³, ఎడమవైపు c x² + d x³. సున్నా దగ్గర విలువలు కలుస్తాయి, మొదటి అవకలజాలూ కలుస్తాయి, రెండూ సున్నాలే. రెండో అవకలజం కుడి నుంచి 2a, ఎడమ నుంచి 2c, కాబట్టి a = c. b, d లకు ఏ కట్టడీ లేదు. మూడు స్వేచ్ఛా స్థిరాంకాలు, అంటే సంఖ్యారేఖ మొత్తం మీద ఈ రెండో ఆర్డర్ సమీకరణానికి మూడు ఇండిపెండెంట్ సాధనలు: x², x³, |x|³. రెండో ఆర్డర్‌కు రెండే ఉంటాయని వల్లెవేసిన పిల్లలకు ఇది మింగుడు పడటానికి కొంచెం టైము పట్టింది.

వారం తర్వాత రెండో అబ్బాయి, అదే డిపెండెంట్ అని రాసినవాడు, "y'' గుణకం సున్నా దగ్గర సున్నా అయితే ప్రతిసారీ మూడేనా సార్?" అని అడిగాడు. జవాబు చెప్పకుండా ఇంకో రెండు సమీకరణాలు చేతిలో పెట్టాను. x²y'' − 2xy' + 2y = 0 కు సాధనలు x, x². అతికించడం మొదలుపెడితే మొదటి అవకలజం x గుణకాలను కలుపుతుంది, రెండోది x² గుణకాలను కలుపుతుంది. మిగిలేవి రెండే. సున్నా దగ్గర W = x² సున్నా అయినా ఇక్కడ అదనంగా ఏదీ పుట్టదు. x²y'' − 6xy' + 12y = 0 కు సాధనలు x³, x⁴. ఇక్కడ రెండో అవకలజాలు కూడా సున్నాలే, అతుకు దగ్గర ఏ షరతూ పుట్టదు. నాలుగు.